ముత్యాల పొక్కులు: తీయించాలా, వదిలేయాలా?

పిల్లలకు స్నానం చేయిస్తుంటే చంక కిందో, పక్కటెముకల మీదో, మోకాలి మడతలోనో చిన్న గట్టి పొక్కు ఒకటి చేతికి తగులుతుంది. మొదట ఆవగింజంత ఉంటుంది. కొన్ని వారాల్లో కందిపప్పు బద్దంత అవుతుంది. నున్నగా, గుండ్రంగా, ముత్యంలా మెరుస్తూ ఉంటుంది. వెలుతురులో పెట్టి చూస్తే దాని నడినెత్తిన బొడ్డులాంటి చిన్న గుంట కనబడుతుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, బిడ్డ ఆటపాటల్లో తేడా ఉండదు. నెల తిరిగేసరికి మాత్రం ఒకటి నాలుగవుతుంది, నాలుగు పది అవుతాయి. అప్పుడు ఇంట్లో మాట మొదలవుతుంది. ఒకరు పులిపిర్లంటారు, ఒకరు వేడి పొక్కులంటారు, ఇంకొకరు ఆటలమ్మేమోనని వేపాకు తెస్తారు.

వీటిని డాక్టర్లు మొలస్కమ్ కంటేజియోసమ్ అంటారు. క్లుప్తంగా మొలస్కమ్. చర్మవ్యాధుల డాక్టరు చాలాసార్లు ఒక్క చూపుతోనే పోల్చుకోగలరు. రక్తపరీక్షలు, ముక్క తీసి చూడడాలు అక్కర్లేదు. అనుమానం ఉంటే డెర్మోస్కోప్ అనే భూతద్దం పెట్టి నడిమి గుంటను, అందులోని తెల్లటి ముద్దను చూస్తారు. పేరు తెలియడంతో తల్లిదండ్రుల పని అయిపోదు. వెంటనే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. వీటిని తీయించాలా? ఇవి ఉండగా పిల్లను బడికి పంపొచ్చా? రెండింటికీ జవాబు ఒకే విషయంలో ఉంది. ఈ జబ్బు చాలా నెమ్మదైనది. దాని నడక తెలిస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో చాలావరకు తేలిపోతుంది.

పొక్కులో ఏముంది?

దీన్ని తెచ్చేది ఒక వైరస్. మశూచి వైరస్‌ది, దీనిది ఒకే కుటుంబం. పోలిక అంతవరకే. మశూచి ఒళ్లంతా పాకి ప్రాణం తీసేది. మొలస్కమ్ వైరస్ చర్మం పైపొర దాటి లోపలికి వెళ్లదు. రక్తంలో కలవదు, ఊపిరితిత్తులకో కాలేయానికో చేరదు. మనుషుల్లో తప్ప మరే జీవిలోనూ ఇది బతకదు కాబట్టి కుక్క నుంచో పిల్లి నుంచో అంటిందేమో అని వెతకక్కర్లేదు.

చర్మం మీది గీతలోంచో రాపిడి అయిన చోటు నుంచో వైరస్ పైపొర కణాల్లో దూరుతుంది. వాటిని ఉబ్బించి, వాటిలోనే తన సంతతిని పెంచుకుంటుంది. అలా ఉబ్బిన కణాలు ముద్దగా చేరితే అదే పొక్కు. దాన్ని నొక్కితే గుంటలోంచి తెల్లటి మైనంలాంటి ముద్ద బయటికొస్తుంది. చీము అనుకుని పిండేది దాన్నే. నిజానికి అది వైరస్‌తో నిండిన కణాల ముద్ద. పొక్కును గోటితో గిల్లినప్పుడు అది వేళ్లకు అంటుతుంది. అదే వేలితో పక్కన గోక్కుంటే అక్కడ కొత్త విత్తనం పడినట్టే. పొక్కులు తరచూ గుంపుగానో, గోరు గీసిన దారి వెంట వరసగానో కనిపించడానికి కారణం ఇదే. చంకలో ఉన్నవి చేతి లోపలివైపుకు పాకేది కూడా ఇలాగే, చర్మానికి చర్మం ఒరుసుకుని.

వైరస్ అంటిన తర్వాత పొక్కు పైకి కనబడడానికి మామూలుగా రెండు నుంచి ఏడు వారాలు పడుతుంది. కొందరిలో ఆరు నెలల వరకూ పట్టవచ్చు. కాబట్టి మీ పాపకు ఎవరి నుంచి అంటిందో కనిపెట్టడం దాదాపు అసాధ్యం. నిన్న పక్కన కూర్చున్న పిల్లనో, మొన్న వచ్చిన చుట్టాల పిల్లాడినో అనుమానించడంలో అర్థం లేదు.

ఎన్నాళ్లు ఉంటాయి?

బ్రిటన్‌లో మొలస్కమ్ వచ్చిన 306 మంది పిల్లలను పరిశోధకులు గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. చివరి పొక్కు కూడా పోయేసరికి సగటున 13 నెలలు పట్టింది. ప్రతి వందమందిలో 30 మందికి ఏడాదిన్నర గడిచినా పూర్తిగా పోలేదు, 13 మందికి రెండేళ్లయినా మిగిలే ఉన్నాయి. ఇంట్లో ఇంకో పిల్లో పిల్లాడో ఉన్నచోట నూటికి 41 ఇళ్లలో వాళ్లకూ అంటుకుంది.

ఒక్కో పొక్కు అన్నాళ్లూ ఉండదు. రెండు మూడు నెలల్లో పాతది రాలిపోతుంటే, ఈలోగా అంటిన కొత్తవి లేస్తుంటాయి. ‘‘తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తున్నాయి డాక్టరు గారూ’’ అని తల్లులు అనేది అందుకే.

ఇంత ఆలస్యం ఎందుకంటే, వైరస్ కొంతకాలం ఒంటి కంటపడకుండా తప్పించుకుంటుంది. అది ఉన్నది పైపొరలో, రక్తనాళాలు లేనిచోట. పైగా చుట్టూ వాపు రాకుండా అణచిపెట్టే ప్రొటీన్లను సొంతంగా తయారుచేసుకుంటుంది. ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని గుర్తించినరోజు నుంచీ పొక్కులు ఒకదాని వెంట ఒకటి రాలిపోతాయి. ఆ రోజు ఏ బిడ్డకు ఎప్పుడు వస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. వచ్చాక మాత్రం వైరస్ ఒంట్లో ఏ మూలా దాక్కుని ఉండదు. మళ్లీ బయటి నుంచి అంటితేనే మళ్లీ వస్తుంది.

ఇంకో మాట గుర్తుంచుకోవాలి. తనంతట తాను పోయిన పొక్కు సాధారణంగా మచ్చ మిగల్చదు. కొన్నాళ్లు కాస్త రంగు తేడా ఉండవచ్చు, చిన్న గుంట పడడం అరుదు. మచ్చలు ఎక్కువగా పడేది గిల్లడం వల్ల, పుండు పడడం వల్ల, లేదా వైద్యం వల్ల. తీయించాలా వద్దా అని ఆలోచించేటప్పుడు ఒక పళ్లెంలో ఏడాది ఎదురుచూపు, రెండో పళ్లెంలో నొప్పి, ఏడుపు, మచ్చ ఉంటాయి.

ఒక పాప కథ

డాక్టర్ల దగ్గరికి తరచూ వచ్చే కేసులను కలిపి ఒక ఉదాహరణ తయారుచేసుకుందాం. యూకేజీ చదివే ఐదేళ్ల పాప. ఆగస్టులో కుడి చంకలో మూడు పొక్కులు కనిపించాయి. దసరా సెలవుల నాటికి పద్నాలుగు అయ్యాయి. చంకలో ఎనిమిది, పక్కటెముకల మీద ఐదు, మెడ మీద యూనిఫాం కాలరు తగిలేచోట ఒకటి. పాపకు చిన్నప్పటి నుంచీ మోచేతి మడతల్లో ఎగ్జిమా ఉంది, అంటే చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు. బడి నుంచి, ‘తగ్గాక పంపండి’ అని డైరీలో రాసి పంపారు.

డాక్టరు ముందుగా ఒళ్లంతా చూస్తారు. కళ్ల రెప్పల అంచున ఉన్నాయా, మర్మాంగాల దగ్గర ఉన్నాయా, పొక్కులు అసాధారణంగా పెద్దవా అన్నది చూస్తారు. ఈ పాపకు అవేవీ లేవు. ఎదుగుదల బాగుంది, మాటిమాటికీ జబ్బు పడిన చరిత్ర లేదు. ఇక డాక్టరు అడిగేది ఒక్కటే: ‘‘ఈ పొక్కుల వల్ల పాపకు ఏం ఇబ్బంది అవుతోందమ్మా?’’

తల్లి చెప్పింది, ‘‘చంకలోవాటిని పట్టించుకోదు. మెడ మీదది కాలరుకు ఒరుసుకుని రెండుసార్లు రక్తం వచ్చింది. క్లాసులో పిల్లలు అడుగుతున్నారట. మోచేతుల దగ్గర మాత్రం రాత్రిళ్లు తెగ గోక్కుంటోంది.’’

ఈ జవాబులోనే వైద్యం ఉంది. పద్నాలుగింటినీ తీయాల్సిన అవసరం లేదు. ఇబ్బంది పెడుతున్నది మెడ మీది ఒక్కటే, దాన్ని తీయవచ్చు. తక్కిన పదమూడు వాటి టైముకు అవి పోతాయి. వాటికంటే ముందు చూడవలసింది ఎగ్జిమాను. దురద ఉన్నంతకాలం గోళ్లు ఆగవు, గోళ్లు ఆగనంతకాలం పొక్కులు పాకుతూనే ఉంటాయి. కాబట్టి స్నానం కాగానే ఒంటికి మాయిశ్చరైజర్ పూయడం, దురద ఉన్నచోట డాక్టరు రాసిన స్వల్ప మోతాదు స్టెరాయిడ్ క్రీమును చెప్పినన్ని రోజులే రాయడం, గోళ్లు పొట్టిగా కత్తిరించడం. పాపకు ఇచ్చిన మొలస్కమ్ వైద్యంలో పెద్ద భాగం ఇదే.

డిసెంబరులో మోచేతి దగ్గర ఇంకో ఐదు లేచాయి. జనవరిలో చంకలోని మూడు ఎర్రగా ఉబ్బాయి. ఇల్లంతా కంగారు.

ఎర్రబడితే భయపడాలా?

చాలా ఇళ్లలో అనవసరంగా యాంటీబయాటిక్ వాడేది ఈ దశలోనే. నెలల తరబడి చలనం లేకుండా ఉన్న పొక్కు ఉన్నట్టుండి ఎర్రబడి, ఉబ్బి, తల మీద పసుపురంగు చుక్క పెడుతుంది. చూసినవాళ్లెవరైనా చీము పట్టిందనే అనుకుంటారు. చాలాసార్లు అది చీము కాదు. ఒంటి రక్షణ వ్యవస్థ ఇన్నాళ్లకు వైరస్‌ను గుర్తుపట్టి దాని మీద పడిందని గుర్తు. అమెరికా చర్మవైద్యులు దీనికి ‘ముగింపుకు ఆరంభం’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇలా ఎర్రబడిన పొక్కులు కొద్ది వారాల్లో ఎండి రాలిపోతాయి, పక్కవి కూడా వాటి దారే పడతాయి.

నిజంగా సూక్ష్మక్రిములు చేరి చీము పట్టిందా అన్నది తెలుసుకోవడం కష్టం కాదు. పోయే దశలోని పొక్కు చుట్టూ ఎరుపు చిన్న వలయంలా ఉండి అక్కడే ఆగుతుంది. దురద ఉండవచ్చు, నొప్పి తక్కువ, బిడ్డ మామూలుగానే ఆడుకుంటుంది. చీము పట్టినదైతే ఎరుపు గంటగంటకూ పొక్కు దాటి బయటికి పాకుతుంది. చెయ్యి వేస్తే వేడిగా తగులుతుంది, బిడ్డ తాకనివ్వదు, జ్వరం రావచ్చు. ఈ రెండో రకమైతే అదేరోజు డాక్టరుకు చూపించాలి. అనుమానంగా ఉంటే ఎరుపు అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీసి, కొన్ని గంటల తర్వాత ఎరుపు గీత దాటిందేమో చూడవచ్చు.

మన ఉదాహరణలోని పాపకు జ్వరం లేదు, నొప్పి లేదు. డాక్టరు ఏ మందూ రాయలేదు. ఫిబ్రవరికి చంక ఖాళీ అయింది. మోచేతి దగ్గరివి వేసవి సెలవులు దాటి, మరుసటి ఆగస్టుకు పోయాయి. ఈలోగా తమ్ముడికి నాలుగు లేచాయి. వాటికి ఎవరూ కంగారు పడలేదు.

తీయించవలసి వస్తే

వదిలేయడమే అన్నివేళలా సరైనది కాదు. ఒరుసుకుని మాటిమాటికీ రక్తం కారేవి, దురదతో నిద్ర పట్టనివ్వనివి, ముఖం మీద ఉండి బిడ్డ సిగ్గుతో ముడుచుకుపోయేవి, ఎగ్జిమా వల్ల వారం వారం పెరిగిపోయేవి ఉంటే తీయించడం న్యాయమే. బిడ్డ బాధపడుతోందా, చూసేవాళ్లు బాధపడుతున్నారా అన్నది మాత్రం వేరుచేసి చూసుకోవాలి. వారం తర్వాత పెళ్లి ఉందనో, అత్తగారు అడుగుతున్నారనో మూడేళ్ల పిల్లను పట్టుకుని ఇరవై పొక్కులు గోకించడం న్యాయం కాదు.

మన దగ్గర ఎక్కువగా జరిగేది పొక్కు లోపలి ముద్దను బయటికి తీసేయడం. సన్నటి సూదితో గిచ్చిగానీ, క్యూరెట్ అనే చిన్న గరిటెలాంటి పరికరంతో గీకిగానీ తీస్తారు. నొప్పి తెలియకుండా ముందుగా లిగ్నోకెయిన్, ప్రైలోకెయిన్ కలిసిన మత్తు క్రీమును దట్టంగా పూసి, ప్లాస్టిక్ పొర అంటించి గంటసేపు ఉంచుతారు. ఈ క్రీమును ఇంట్లో ఇష్టమొచ్చినంత పూయకూడదు. పది కిలోల పైబడి బరువున్న ఒకటి నుంచి ఆరేళ్ల పిల్లలకు మొత్తం పది గ్రాములు మించకూడదన్న పరిమితి ఉంది. ఎక్కువైతే, లేదా ఎగ్జిమాతో చిట్లిన చర్మం మీద పూస్తే ప్రైలోకెయిన్ రక్తంలో చేరి, రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గుతుంది, పెదవులు నీలంగా మారతాయి. అందుకే ఒకేసారి కొన్నిటినే తీయడం మంచిది.

రెండో దారి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం. ఐదు లేదా పది శాతం గాఢతలో ఉన్న ఈ క్షారాన్ని పుల్లకు చుట్టిన దూది మొనతో పొక్కు నెత్తి మీద మాత్రమే అద్దుతారు. పొక్కు ఎర్రబడగానే ఆపేస్తారు, ఆ తర్వాత అది ఎండి రాలుతుంది. ఇంట్లో వాడమని డాక్టరు రాసి ఇచ్చినా, మొదటిసారి ఎంత అద్దాలో ఆయన ముందే చేసి చూసుకోవాలి. చుట్టూ ఒలికితే మంచి చర్మం కాలుతుంది. కళ్ల దగ్గర దీన్ని అసలు వాడకూడదు. మూడోది ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం. ఇది చురుక్కుమంటుంది. పైగా మన చామనఛాయ ఒంటి మీద తెల్ల మచ్చో నల్ల మచ్చో నెలల తరబడి మిగలవచ్చు కాబట్టి చిన్నపిల్లలకు అంతగా నప్పదు.

అమెరికాలో ఈ జబ్బుకంటూ మొదటి మందుకు అనుమతి దొరికింది 2023 జూలైలో. కాంథారిడిన్ అనే ఆ మందును డాక్టరే పొక్కు మీద చుక్కగా పెడతారు. అక్కడ చిన్న బొబ్బ లేచి పొక్కు ఊడుతుంది. అనుమతికి ఆధారమైన రెండు ప్రయోగాల్లో 12 వారాలకు పొక్కులన్నీ పోయినవారు మందు పెట్టిన పిల్లల్లో వందకు 46 మంది, 54 మంది. మందు లేని ఉత్త ద్రవం పెట్టినవారిలో 18 మంది, 13 మంది. మందు పనిచేసిందన్నది స్పష్టం. సగం మందికి అప్పటికీ పూర్తిగా పోలేదన్నది కూడా అంతే స్పష్టం. ఇక ఏ మందూ లేకుండానే మూడు నెలల్లో ఇన్ని తగ్గడం కూడా గమనించండి. ఏదో ఆకుపసరు రాస్తే తగ్గిందని ఎవరైనా చెప్పినప్పుడు ఆ ఆకుపసరుకు దక్కిన పేరు అసలు ఎవరిదో ఇక్కడ తెలుస్తుంది.

ఇమిక్విమాడ్ అనే క్రీమును కూడా దీనికి రాస్తుంటారు. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లల మీద దాన్ని రెండు పెద్ద ప్రయోగాల్లో పరీక్షించారు. ఉత్త క్రీము రాసినవారికంటే మందు రాసినవారికి మేలు జరగలేదు. చర్మం మంట, ఎరుపు మాత్రం ఎక్కువయ్యాయి. ఎవరైనా దాన్ని రాస్తే ఎందుకని అడగడం తప్పు కాదు.

ఏ పద్ధతిలో తీయించినా ఒకటి ముందే తెలుసుకోవాలి. ఈరోజు తీసేది కంటికి కనబడేవాటినే. ఇప్పటికే అంటి, ఇంకా పైకి లేవనివి చర్మంలో ఉండనే ఉంటాయి. అవి వచ్చే కొన్ని వారాల్లో లేస్తాయి. డబ్బు పోసి తీయించినా మళ్లీ వచ్చాయని డాక్టరు మీద కోపం తెచ్చుకుని ఇంకో డాక్టరును వెతుక్కునేది ఇక్కడే. అది వైద్యం విఫలమవడం కాదు, వైరస్ పొదిగే కాలం. మూడు నాలుగు వారాలకు మళ్లీ చూపించుకోవాలన్నది మొదటే అనుకుని ఉంటే ఆ నిరాశ ఉండదు.

ఇంటి వైద్యాలు, మందుల షాపు క్రీములు

పులిపిర్లనుకుని సున్నం, చాకలి సోడా కలిపి పెట్టేవాళ్లున్నారు. జిల్లేడు పాలు పెట్టేవాళ్లున్నారు. రెండూ చర్మాన్ని కాల్చేవే. పొక్కు పోవచ్చు, కానీ దాని చోట పుండు, పుండు చోట జీవితాంతం మచ్చ మిగలవచ్చు. జిల్లేడు పాలు అంటిన చేత్తో బిడ్డ కన్ను నలుపుకుంటే కంటి నల్లగుడ్డుకే ప్రమాదం. మందుల షాపులో అడిగితే ఇచ్చే స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపిన క్రీములదీ ఇదే దారి. వాటిలోని గాఢమైన స్టెరాయిడ్ ఒంటి రక్షణను ఆ చోట ఇంకా అణచివేస్తుంది, చర్మాన్ని పలచబరుస్తుంది.

మన ఇళ్లలో మానుకోవలసిన అలవాటు ఇంకొకటి ఉంది. సున్నిపిండితో నలుగు పెట్టి రుద్దడం, పీచుతో తోమడం. పొక్కులున్నన్నాళ్లూ ఆ చోట్లను రుద్దకూడదు. సబ్బునీళ్లతో కడిగి, తువ్వాలుతో అద్ది తుడిస్తే చాలు. పొక్కులున్న భాగాన్ని చివరగా తుడవాలి. ఆ తువ్వాలు, ఆ పీచు ఇంకొకరు వాడకూడదు. అన్నాచెల్లెళ్లను ఒకే టబ్బులో కూర్చోబెట్టకూడదు. తలలో పొక్కులుంటే తిరుమల గుండు మొక్కును పొక్కులు పోయేదాకా వాయిదా వేయడం మేలు. కత్తి ఒక పొక్కును కోస్తే తలంతా పాకుతుంది.

ఆలస్యం చేయకూడనివి

రెప్ప అంచున ఉన్న పొక్కు చిన్నదే అయినా వేరు. దానిలోని వైరస్ పదార్థం కంట్లో పడుతూ ఉంటే కన్ను వారాల తరబడి ఎర్రబడి నీరు కారుతుంది. ఎన్ని చుక్కల మందులు వేసినా తగ్గదు, పొక్కు తీసేస్తేనే తగ్గుతుంది. ఆ పని కంటి డాక్టరు చేతిలోనే జరగాలి.

పొక్కులు వందకు చేరుతున్నా, ఒక్కోటి సెంటీమీటరు దాటి పెరుగుతున్నా, బిడ్డ తరచూ జబ్బు పడుతూ బరువు పెరగకపోతున్నా, డాక్టరు ఒంటి రక్షణ శక్తికి సంబంధించిన పరీక్షలు రాస్తారు. హెచ్‌ఐవీ పరీక్ష కూడా అందులో ఉండవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు పది ఇరవై పొక్కులు వస్తే ఈ భయం పెట్టుకోనక్కర్లేదు. అలాగే పెద్దవాళ్లలో ఇది లైంగిక సంబంధం వల్ల కూడా అంటుతుంది కాబట్టి, చిన్నపిల్లల తొడల సందుల్లో కనిపిస్తే కొందరు బెదిరిపోతారు. పసిపిల్లలకు అక్కడ వచ్చేది ఎక్కువగా సొంత చేత్తో గోక్కోవడం వల్లే. బిడ్డ ప్రవర్తనలో తేడా, నొప్పి, గాయాల గుర్తులు ఉంటే మాత్రం డాక్టరుకు ఆ సంగతి దాచకుండా చెప్పాలి.

మరి బడి?

మొలస్కమ్ ఉందని పిల్లను బడి మాన్పించక్కర్లేదు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ అయినా, బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ అయినా చెప్పేది ఇదే. కారణం చూస్తే మన బళ్లకూ అంతే వర్తిస్తుంది. ఆటలమ్మ వచ్చిన బిడ్డను ఇంట్లో ఉంచమంటాం. అది గాలి ద్వారా కూడా అంటుతుంది, పొక్కులు మాడు కట్టేవరకు, అంటే సుమారు వారం ఆగితే సరిపోతుంది. మొలస్కమ్ గాలి ద్వారా అంటదు. పక్క బెంచీలో కూర్చుంటే, కలిసి అన్నం తింటే, ఒకే పుస్తకం చదివితే అంటదు. పొక్కుకు చర్మం నేరుగా తగలాలి, లేదా పొక్కును తుడిచిన తువ్వాలులాంటిది ఇంకొకరు వాడాలి. అదీగాక ‘తగ్గాక పంపండి’ అన్న మాటను అక్షరాలా పాటిస్తే బిడ్డ సగటున 13 నెలలు, అంటే ఒక తరగతి మొత్తం కోల్పోతుంది. ఇంత చిన్న జబ్బుకు అది చాలా పెద్ద శిక్ష.

బడి అడగదగినది ఒక్కటే: పొక్కులు కప్పి ఉంచడం. చంకవి, ఛాతీవి యూనిఫాం కిందే ఉంటాయి, వాటికి ఇంకేమీ అక్కర్లేదు. చేతి మీదో కాలి మీదో బయటికి కనిపించేవాటి మీద చిన్న గాజుగుడ్డ పెట్టి టేపు అంటించవచ్చు, లేదా బ్యాండేజీ వేయవచ్చు. ఇంటికి రాగానే తీసేయాలి. రాత్రీ పగలూ ఉంచితే టేపు కింద చర్మం చెమ్మకు దురదపెట్టి కొత్త గోకుడు మొదలవుతుంది. కబడ్డీ, కుస్తీ వంటి ఒళ్లు ఒరుసుకునే ఆటల్లో కప్పలేని చోట పొక్కులుంటే ఆ ఆట మాత్రం కొన్నాళ్లు ఆపాలి. ఈతకు వెళ్లొచ్చు. నీళ్లు దూరని బ్యాండేజీ వేసి, తువ్వాలూ ఈత బోర్డూ ఎవరివి వాళ్లే వాడుకోవాలి.

గురుకులాల్లో, హాస్టళ్లలో కాస్త ఎక్కువ జాగ్రత్త కావాలి. అక్కడ ఒకే తువ్వాలు ఇద్దరు వాడడం, ఒకే మంచం మీద ఇద్దరు పడుకోవడం ఉంటుంది. పిల్లను ఇంటికి పంపేయడం కంటే తువ్వాలు, దుప్పటి వేరుగా ఇవ్వడం వార్డెన్ చేయదగిన పని.

తరగతిలో మిగతా పిల్లల తల్లిదండ్రులు అడిగితే టీచరు ఆ బిడ్డ పేరు చెప్పనక్కర్లేదు. ‘మొలస్కమ్ అనే చిన్న చర్మ సమస్య కొందరు పిల్లల్లో ఉంది, తువ్వాళ్లు పంచుకోనివ్వకండి’ అంటే చాలు. తల్లిదండ్రులు కూడా బడితో వాదనకు దిగేకంటే డాక్టరు చేత నాలుగు వాక్యాల చీటీ రాయించుకోవడం మంచిది. అందులో ఇంత ఉంటే సరిపోతుంది: ‘ఈ బాలికకు మొలస్కమ్ కంటేజియోసమ్ ఉంది. ఇది హాని చేయని చర్మ వైరస్, తగ్గడానికి ఏడాది పైన పట్టవచ్చు. గాలి ద్వారా అంటదు. పొక్కులు కప్పి ఉంచితే తరగతికి, ఆటలకు రావచ్చు.’ కింద డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే ప్రిన్సిపాల్‌కు కూడా చేతికి ఆధారం దొరికినట్టవుతుంది. యూకేజీలో ఇచ్చిన ఆ చీటీని తల్లి జాగ్రత్త చేసుకోవాలి. ఒకటో తరగతి మొదటి రోజున కొత్త టీచరుకు కూడా అది చూపించవలసి రావచ్చు.